కార్డు ఉన్నవారు, లేనివారు, 160 రూపాయల తేడా: ఇండిపెండెంట్ శాంపిల్స్ టి-టెస్ట్‌ను అర్థం చేసుకోవడం

ఒక పట్టణంలో మధ్యతరగతి కుటుంబాలు ఎక్కువగా వచ్చే సూపర్ మార్కెట్ ఒకటి ఉందనుకుందాం. యజమాని రెండేళ్ల క్రితం మెంబర్‌షిప్ కార్డు పెట్టాడు. కార్డు చూపించిన కస్టమర్‌కు ప్రతి బిల్లు మీద కొంత రాయితీ వస్తుంది. కార్డు ఉన్నవారు లేనివారికంటే ఎక్కువ సరుకులు కొంటున్నారని ఆయన నమ్మకం. ఈ నమ్మకాన్నే ఒక ఎంబీఏ విద్యార్థిని తన పరిశోధన అసైన్‌మెంట్‌కు ప్రశ్నగా తీసుకుంది. ఒక శనివారం సాయంత్రం బిల్లింగ్ కౌంటర్ దగ్గర నిలబడి, కార్డు ఉన్న 12 మంది, కార్డు లేని 10 మంది బిల్లు మొత్తాలను రాసుకుంది. కార్డు ఉన్నవారి సగటు బిల్లు 880 రూపాయలు, లేనివారిది 720 రూపాయలు. తేడా 160 రూపాయలు.

ఈ కథా అంకెలూ అభ్యాసం కోసం నేను కల్పించుకున్నవి. కాగితం మీద లెక్క వేసి చూడగలిగేలా చిన్నవిగా ఎంచుకున్నాను. ఇలాంటి అసైన్‌మెంట్లలో తప్పులు సాధారణంగా లెక్కలో దొర్లవు, ఎందుకంటే లెక్కంతా కంప్యూటరే చేస్తుంది. లెక్కకు ముందు పరికల్పనలు రాసే చోట, లెక్క తరువాత ఫలితాన్ని మాటల్లో పెట్టే చోట దొర్లుతాయి. అందుకే ఈ వ్యాసంలో సూత్రానికి కొంత చోటు, ఆ రెండు చోట్లకు ఎక్కువ చోటు ఇస్తున్నాను.

160 రూపాయల తేడా కళ్ళెదుట కనిపిస్తుండగా పరీక్ష ఎందుకన్న సందేహం సహజమే. ఆ విద్యార్థిని చూసింది 22 మందిని మాత్రమే. యజమాని ప్రశ్న ఆ 22 మంది గురించి కాదు, ఆ దుకాణానికి వచ్చే కార్డుదారులందరి గురించి, కార్డు లేనివారందరి గురించి. ఆ సాయంత్రానికి బదులు మరో సాయంత్రం నిలబడి ఉంటే వేరే 22 మంది దొరికేవారు, తేడా 90 రూపాయలో 230 రూపాయలో వచ్చేది. రెండు వర్గాల అసలు సగటులు సమానంగానే ఉన్నా, కేవలం ఎవరు తటస్థపడ్డారన్న దాన్ని బట్టి కొంత తేడా ఎప్పుడూ కనిపిస్తుంది. కనిపించిన 160 రూపాయలు అలాంటి యాదృచ్ఛికమైన ఊగిసలాటలో సులువుగా ఇమిడిపోయేవా, కావా అన్నదే టి-టెస్ట్ అడిగే ప్రశ్న.

పరికల్పనలు రాయడం

శూన్య పరికల్పన ఇలా ఉంటుంది: ఈ సూపర్ మార్కెట్‌కు వచ్చే కార్డుదారులందరి సగటు బిల్లు, కార్డు లేనివారందరి సగటు బిల్లు సమానం. ప్రత్యామ్నాయ పరికల్పన: ఆ రెండు సగటులు సమానం కావు. గుర్తుల్లో రాస్తే ఇలా ఉంటుంది.

```
H0: μ1 = μ2
H1: μ1 ≠ μ2
```

ఇక్కడ గ్రీకు అక్షరం మ్యూ మొత్తం కస్టమర్ల సగటును సూచిస్తుంది. శాంపిల్‌లో మనకు దొరికిన సగటును సూచించదు. చాలా నివేదికల్లో పరికల్పనను శాంపిల్ సగటులతో రాసి ఉండటం చూస్తాం. 880, 720 అనే రెండు అంకెలు సమానమా అన్నది పరీక్షించవలసిన విషయం కాదు, అవి సమానం కావని చూడగానే తెలుస్తుంది. మనం చూడని మిగతా కస్టమర్లను కూడా కలుపుకొని చెప్పే మాట కాబట్టే దాన్ని పరికల్పన అంటున్నాం.

రెండో విషయం దిశ. యజమాని నమ్మకం ఒక దిశలోనే ఉంది కాబట్టి, ప్రత్యామ్నాయ పరికల్పనను కార్డుదారుల సగటు ఎక్కువ అని ఏకపక్షంగా రాయవచ్చు కదా అనిపిస్తుంది. రాయవచ్చు, కానీ ఆ నిర్ణయం డేటాను చూడకముందే జరిగి ఉండాలి. కార్డుదారులు తక్కువ కొంటున్నట్టు తేలినా ఆ ఫలితంతో మనకు పని లేదని ముందే ఒప్పుకున్నట్టు కూడా అవుతుంది. రాయితీ కార్డు విషయంలో అలా ఒప్పుకోలేం. కార్డుదారులు చిన్న చిన్న బిల్లులకు ఎక్కువసార్లు వస్తూ ఉండవచ్చు, అప్పుడు ఒక్కో బిల్లు సగటు తగ్గుతుంది, అదీ యజమానికి తెలియవలసిన సంగతే. పైగా తేడా ఎంచుకున్న దిశలోనే ఉంటే, ఏకపక్ష పరీక్షలో పి-విలువ, అంటే అసలు సగటులు సమానమైనా ఇంత తేడా కనిపించే అవకాశం, సరిగ్గా సగమవుతుంది. డేటా చూశాక దిశను ఎంచుకోవడమంటే, రావలసిన ఆధారంలో సగంతోనే సరిపెట్టుకోవడం. అందువల్ల ఇక్కడ ద్విపక్ష పరీక్షే సరైనది. ప్రమాణ స్థాయిని, అంటే పి-విలువ ఎంతకంటే తక్కువైతే శూన్య పరికల్పనను తిరస్కరిస్తామో ఆ హద్దును, కూడా ముందే 0.05 అని రాసిపెట్టుకోవాలి.

లెక్క ఎలా నడుస్తుంది

డేటా ఇదీ. ఆర్ అనే సాఫ్ట్‌వేర్‌లో దీన్ని ఇలా టైపు చేస్తాం.

```r
card   <- c(620, 710, 760, 790, 830, 850,
            880, 910, 960, 1010, 1080, 1160)
nocard <- c(460, 540, 620, 670, 700,
            730, 770, 830, 900, 980)
t.test(card, nocard)
```

సగటుల తేడా ఒక్కటే చూస్తే ఏమీ తేలదు. ఆ తేడాను బిల్లులు తమలో తాము ఎంత చెదిరి ఉన్నాయన్న దానితో పోల్చాలి. ప్రతి బిల్లు తన వర్గం సగటు నుండి ఎంత దూరంలో ఉందో చూసి, ఆ దూరాలను వర్గం చేసి, అంటే ఒక్కోదాన్ని దానితోనే గుణించి, కూడితే కార్డుదారులకు 2,65,000 వస్తుంది. దాన్ని 12 కంటే ఒకటి తక్కువైన 11తో భాగిస్తే 24,091. దీనినే విస్తృతి అంటారు. దాని వర్గమూలమైన 155 రూపాయలు ప్రామాణిక విచలనం, అంటే స్టాండర్డ్ డీవియేషన్. కార్డు లేనివారికి ఇదే లెక్క వేస్తే విస్తృతి 25,289, ప్రామాణిక విచలనం 159 రూపాయలు. అంటే రెండు వర్గాల్లోనూ ఒక కస్టమర్ బిల్లు తన వర్గం సగటుకు అటో ఇటో ఒక నూటయాభై రూపాయలు చెదిరి ఉండటం మామూలే.

ఒక్కో బిల్లు అంత చెదిరి ఉన్నా, పన్నెండింటి సగటు అంతగా చెదరదు, ఎక్కువ తక్కువలు ఒకదాన్నొకటి సరిచేసుకుంటాయి. ఎంత మేరకు సరిచేసుకుంటాయో తెలియడానికే విస్తృతిని ఆ వర్గంలోని కస్టమర్ల సంఖ్యతో భాగిస్తాం. రెండు వర్గాల ఫలితాలను కూడి వర్గమూలం తీస్తే, సగటుల తేడాలో ఉండే అనిశ్చితి, అంటే స్టాండర్డ్ ఎర్రర్ వస్తుంది.

```
t = (880 − 720) / √(24091/12 + 25289/10)
  = 160 / 67.35
  = 2.38
```

టి విలువ 2.38 అంటే, మనకు కనిపించిన తేడా దాని అనిశ్చితికి 2.38 రెట్లు ఉందని అర్థం. అంతకుమించిన మర్మమేమీ అందులో లేదు. డబ్లిన్‌లోని గిన్నెస్ బ్రూవరీలో పనిచేసిన విలియం గోసెట్ 1908లో స్టూడెంట్ అనే మారుపేరుతో ప్రచురించిన వ్యాసం ఈ పద్ధతికి పునాది. విస్తృతి కూడా ఆ కొద్దిపాటి శాంపిల్ నుండే అంచనా వేసుకుంటున్నాం కాబట్టి, చిన్న శాంపిల్‌లో ఈ నిష్పత్తి సాధారణ విభాజనం, అంటే నార్మల్ డిస్ట్రిబ్యూషన్, చెప్పే దానికంటే కొంచెం ఎక్కువగా ఊగుతుందని ఆయన గుర్తించాడు. ఆ అదనపు ఊగిసలాటను లెక్కలోకి తెచ్చేదే డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్. రెండు వర్గాల విస్తృతులు సమానమని అనుకుంటే దాని విలువ 12, 10 కలిపి రెండు తీసేయగా వచ్చే 20. సమానమని అనుకోకుండా వెల్చ్ పద్ధతిలో లెక్కిస్తే 19.1. పైన రాసిన సూత్రం వెల్చ్‌దే, ఆర్ కూడా అడగకుండానే దానినే వాడుతుంది. ఈ డేటాకు పి-విలువ 0.028 వస్తుంది.

పి-విలువ ఏమి చెబుతుంది

ఈ 0.028ని అర్థం చేసుకోవడానికి ఒక పని ఊహించండి. 22 బిల్లుల మొత్తాలను 22 చీటీల మీద రాసి ఒక కుండలో వేసి బాగా కలపండి. కళ్ళు మూసుకుని 12 తీసి ఒక పక్కన, మిగిలిన 10 మరో పక్కన పెట్టి, రెండు కుప్పల సగటుల తేడా చూడండి. ఈ కుప్పలకు కార్డుతో సంబంధమే లేదు, అయినా ఏదో ఒక తేడా వస్తుంది. 22 చీటీలను ఇలా విడదీయడానికి మొత్తం 6,46,646 మార్గాలున్నాయి. వాటన్నిటిలో ఎన్నింట్లో తేడా ఏదో ఒక దిశలో 160 రూపాయలు గానీ అంతకుమించి గానీ వస్తుందో లెక్కిస్తే ఒక నిష్పత్తి దొరుకుతుంది. టి-టెస్ట్ పి-విలువ ఆ నిష్పత్తికి దగ్గరగా ఉండే అంచనా అనుకోవచ్చు. కార్డుకు బిల్లుతో ఏ సంబంధమూ లేని లోకంలో కూడా ఇంత తేడా నూటికి సుమారు మూడుసార్లు కనిపిస్తుందన్నమాట.

ఈ వాక్యంలో షరతు ఎక్కడుందో గమనించాలి. సంబంధం లేదని ముందు అనుకుని, అప్పుడు ఇంత తేడా రావడం ఎంత అరుదో చెప్పాం. దీన్ని తిరగేసి, కార్డుకు సంబంధం లేకపోయే అవకాశం నూటికి మూడు అని రాస్తే అది వేరే మాట అవుతుంది, తప్పు కూడా అవుతుంది. పెళ్ళిలో ఉన్నవారిలో పట్టుబట్టలు కట్టుకున్నవారి శాతం ఒకటి, పట్టుబట్టలు కట్టుకున్నవారిలో పెళ్ళికి వచ్చినవారి శాతం మరొకటి. రెంటికీ పదాలు అవే, ప్రశ్నలు మాత్రం వేరు. శూన్య పరికల్పన నిజమయ్యే అవకాశం ఎంతో చెప్పాలంటే, డేటాకు ముందు దాని మీద మనకున్న నమ్మకం ఎంతో కూడా లెక్కలోకి రావాలి. టి-టెస్ట్ ఆ జోలికి పోదు.

ఎస్‌పీఎస్‌ఎస్ పట్టికలో తప్పు గడి

మన విశ్వవిద్యాలయాల్లో ఈ పరీక్షను చాలామంది ఎస్‌పీఎస్‌ఎస్ అనే సాఫ్ట్‌వేర్‌లో చేస్తారు. అక్కడ Independent Samples Test అనే పట్టికలో ఎడమవైపు మొదట వచ్చేవి Levene's Test అంకెలు, టి-టెస్ట్ ఆ తరువాత మొదలవుతుంది. లెవీన్ పరీక్ష అడిగే ప్రశ్న వేరు: రెండు వర్గాల్లో బిల్లుల చెదురు సమానంగా ఉందా? మన డేటాలో కార్డుదారుల బిల్లులు తమ సగటు నుండి సరాసరిన 120 రూపాయల దూరంలో, లేనివారివి 122 రూపాయల దూరంలో ఉన్నాయి. దాదాపు ఒకటే కాబట్టి లెవీన్ పరీక్షలో F విలువ 0.003, దాని పక్కనున్న Sig. గడిలో 0.96 కనిపిస్తాయి.

తొందరలో ఉన్న విద్యార్థి కళ్ళు ఎడమవైపున కనిపించిన మొదటి Sig. మీద పడతాయి. 0.96 అనేది 0.05 కంటే ఎంతో ఎక్కువ కాబట్టి రెండు వర్గాల మధ్య తేడా లేదని రాసేస్తే మొత్తం నివేదిక తలకిందులవుతుంది. ఆ 0.96 చెప్పింది చెదురు గురించి, సగటుల గురించి కాదు. మనకు కావలసింది అదే వరుసలో కుడివైపుకు వెళితే కనిపించే Sig. (2-tailed). కొత్త వెర్షన్లలో దాన్ని Two-Sided p అని చూపిస్తారు. అక్కడ Equal variances assumed వరుసలో టి 2.38, పి 0.027 ఉంటాయి. కింది వరుసైన Equal variances not assumed వెల్చ్ పద్ధతికి చెందినది, అందులో టి 2.38, పి 0.028 ఉంటాయి.

పాఠ్యపుస్తకాల్లో సాధారణంగా లెవీన్ ఫలితం చూసి రెండింటిలో ఒక వరుసను ఎంచుకోమని చెబుతారు. నా ఉద్దేశంలో ఎప్పుడూ కింది వరుసనే, అంటే వెల్చ్‌నే రాయడం మేలు. చెదురు నిజంగా సమానమైతే, ఇక్కడిలాగే, రెండు వరుసల మధ్య చెప్పుకోదగ్గ తేడా ఉండదు. సమానం కానప్పుడు, అందులోనూ చిన్న వర్గంలో చెదురు ఎక్కువగా ఉన్నప్పుడు, పై వరుస లేని తేడాను ఉన్నట్టు చూపించే ప్రమాదం పెరుగుతుంది. చిన్న శాంపిల్‌లో లెవీన్ పరీక్ష ఆ అసమానతను పట్టుకోలేకపోవచ్చు కూడా. అయితే మీ గైడ్ లెవీన్ ఫలితాన్ని రాయమంటే రాయండి, అది ఏ ప్రశ్నకు జవాబో పక్కనే ఒక వాక్యంలో చెప్పండి.

ఎక్సెల్ వాడేవారికి ఇంకో గుంట ఉంది. `=T.TEST(A2:A13,B2:B11,2,3)` అన్నప్పుడు చివరి 3 వెల్చ్ పద్ధతిని సూచిస్తుంది. అక్కడ 1 పెడితే అది జతల పరీక్ష, ఒకే కస్టమర్‌ను కార్డుకు ముందు, కార్డు తరువాత కొలిచినప్పుడు వాడేది. మన డేటాలో 12, 10 అని సంఖ్యలు వేరు కాబట్టి ఎక్సెల్ #N/A చూపించి ఆపుతుంది. రెండు వర్గాల్లోనూ సమానంగా కస్టమర్లు ఉంటే మాత్రం ఏ హెచ్చరికా లేకుండా తప్పు అంకెను ఇస్తుంది. మొదటి వరుసలోని కార్డుదారుకూ మొదటి వరుసలోని కార్డు లేని వ్యక్తికీ ఏ బంధమూ లేకపోయినా, వాళ్ళను జతగా భావించి లెక్క వేస్తుంది.

ఒక్క పెళ్ళి బిల్లు

ఇప్పుడు ఆ డేటాలో ఒక్క అంకెను మారుద్దాం. కార్డుదారుల్లో అందరికంటే ఎక్కువగా 1,160 రూపాయలకు కొన్న వ్యక్తి, ఆ రోజు ఇంట్లో పెళ్ళి ఉండి 6,160 రూపాయల సరుకులు కొన్నాడనుకోండి. మిగతా 21 బిల్లులూ అవే. కార్డుదారుల సగటు 880 నుండి 1,297కు పెరుగుతుంది, కార్డు లేనివారితో తేడా 160 నుండి 577 రూపాయలకు ఎగబాకుతుంది. యజమాని నమ్మకానికి అనుకూలంగానే అంకె మారింది కాబట్టి పి-విలువ ఇంకా తగ్గుతుందని ఎవరైనా అనుకుంటారు. కానీ అది 0.028 నుండి 0.22కు పెరుగుతుంది. తేడా మూడున్నర రెట్లు అయ్యాక, ఇంతకుముందు ఉన్న ఆధారం కాస్తా పోతుంది.

ఎందుకంటే ఆ ఒక్క బిల్లు సగటును పైకి లాగిన దానికంటే చెదురును ఎంతో ఎక్కువగా పెంచింది. దూరాలను వర్గం చేసి కూడుతున్నాం కాబట్టి, సగటుకు వేల రూపాయల దూరంలో ఉన్న ఒక్క బిల్లు మిగతా పదకొండింటినీ మింగేస్తుంది. కార్డుదారుల ప్రామాణిక విచలనం 155 నుండి 1,537కు చేరింది, తేడాలోని అనిశ్చితి 67 నుండి 446 రూపాయలకు పెరిగింది. 577ను 446తో భాగిస్తే టి విలువ 1.29 మాత్రమే.

కొనుగోలు మొత్తాలతో పనిచేసే ఎవరికైనా ఇది తప్పక ఎదురవుతుంది, ఎందుకంటే బిల్లులకు కింద సున్నా అనే హద్దు ఉంది, పైన హద్దు లేదు. దీన్ని గుర్తుపట్టడానికి ప్రత్యేక పరీక్షలేమీ అక్కరలేదు. సగటునూ మధ్యగతాన్నీ, అంటే మీడియన్‌నూ, పక్కపక్కన రాస్తే చాలు. పెళ్ళి బిల్లుకు ముందు కార్డుదారుల సగటు 880, మధ్యగతం 865, రెండూ దగ్గర దగ్గరగా ఉన్నాయి. పెళ్ళి బిల్లు తరువాత మధ్యగతం 865 దగ్గరే ఉండిపోగా సగటు 1,297 అయింది. ప్రామాణిక విచలనం సగటును మించిపోవడం కూడా బిల్లుల విషయంలో గట్టి హెచ్చరికే.

అప్పుడు చేయవలసిన మొదటి పని అసలు బిల్లు కాగితాన్ని వెతికి చూడడం. 1,160ని 6,160గా టైపు చేసి ఉంటే సరిదిద్దాలి, ఆ సంగతి నివేదికలో చెప్పాలి. అది నిజమైన బిల్లే అయితే, పి-విలువ మనకు నచ్చలేదన్న కారణంతో తీసేయకూడదు. పెళ్ళి సరుకులు కొనేవారు కూడా ఆ దుకాణం కస్టమర్లే. వరుస స్థానాలను మాత్రమే చూసే మాన్-విట్నీ పరీక్షను పక్కన చేర్చి రెండు ఫలితాలనూ చూపించడం నిజాయితీ గల పద్ధతి. కార్డుదారు ఒకరిని, కార్డు లేనివారు ఒకరిని ఎన్ని రకాలుగా ఎదురెదురు నిలబెట్టవచ్చో చూస్తే 120 జతలు వస్తాయి. వాటిలో 91 జతల్లో కార్డుదారు బిల్లే ఎక్కువ, రెండు జతల్లో సమానం. పి-విలువ సుమారు 0.04. ఆ పెద్ద బిల్లు 1,160 అయినా 6,160 అయినా ఈ లెక్క అణువంత కూడా మారదు, ఎందుకంటే రెండు సందర్భాల్లోనూ అది మొత్తం మీద మొదటి స్థానంలోనే ఉంది. అయితే ఈ పరీక్ష సగటుల తేడాను కొలవదు, కాబట్టి దాని ఫలితాన్ని రూపాయల సగటు తేడాగా రాయకూడదు.

స్వతంత్రత అనే మాట

పరీక్ష పేరులోని స్వతంత్రతకు రెండు అర్థాలున్నాయి. ఒకే వ్యక్తి రెండు వర్గాల్లోనూ ఉండకూడదన్నది అందరికీ తెలిసినదే. ఒకే వర్గం లోపల కూడా ప్రతి అంకె వేరే వ్యక్తిది కావాలన్నదాన్ని మాత్రం చాలామంది మరిచిపోతారు. ఈ విద్యార్థిని కౌంటర్ దగ్గర నిలబడకుండా, దుకాణం కంప్యూటర్ నుండి అదే 22 మంది కస్టమర్ల నెల రోజుల బిల్లులన్నీ తీసుకుని ఉంటే, ఒక్కొక్కరికి ఎనిమిది చొప్పున 176 వరుసలు వచ్చేవి. సాఫ్ట్‌వేర్‌కు అవి 176 మంది మనుషులే. ప్రతిసారీ పెద్ద బిల్లే చేసే ఒక కుటుంబం ఎనిమిది వేర్వేరు సాక్ష్యాలుగా లెక్కలోకి వస్తుంది, స్టాండర్డ్ ఎర్రర్ ఉన్నదానికంటే చిన్నదిగా కనిపిస్తుంది, పి-విలువ అన్యాయంగా తగ్గిపోతుంది. ఈ తప్పును ఏ పట్టికా బయటపెట్టదు. డేటాలో కస్టమర్ నంబరు మళ్ళీ మళ్ళీ వస్తోందా అని మనమే చూసుకోవాలి. వస్తే, ఒక్కో కస్టమర్ బిల్లుల సగటు కట్టి, మనిషికి ఒక్క అంకె మాత్రమే పరీక్షకు పంపాలి.

డేటా సేకరించిన రోజు కూడా ముఖ్యమే. నెల మొదటి వారంలో జీతాలు అందగానే ఇళ్ళల్లో వెచ్చాలు తెచ్చుకుంటారు, చివరి వారంలో అత్యవసరమైనవి మాత్రమే కొంటారు. కార్డుదారులను మూడో తేదీన, కార్డు లేనివారిని ఇరవై ఏడో తేదీన కొలిస్తే, వచ్చిన తేడాలో కార్డుది ఎంతో జీతం తేదీది ఎంతో విడదీసే దారి ఏ సూత్రంలోనూ లేదు. మన ఉదాహరణలో అందరినీ ఒకే సాయంత్రం కొలవడం ఆ మేరకు మంచి పని. ఒక్క శనివారం సాయంత్రాన్నే చూశామన్న పరిమితి మాత్రం మిగిలే ఉంటుంది.

ముగింపు పేరా రాయడం

ఇప్పటిదాకా తేలినదాన్ని అసైన్‌మెంట్‌లో నేనైతే ఇలా రాస్తాను:

"కార్డు ఉన్న 12 మంది కస్టమర్ల సగటు బిల్లు 880 రూపాయలు (ప్రామాణిక విచలనం 155), కార్డు లేని 10 మందిది 720 రూపాయలు (ప్రామాణిక విచలనం 159). వెల్చ్ టి-టెస్ట్ ప్రకారం ఈ తేడా 0.05 స్థాయిలో గణాంకపరంగా ప్రాముఖ్యం కలది, t(19.1) = 2.38, p = 0.028. కాబట్టి రెండు వర్గాల సగటు బిల్లు సమానమన్న శూన్య పరికల్పనను తిరస్కరిస్తున్నాము. సగటుల తేడాకు 95 శాతం విశ్వాస అంతరం 19 రూపాయల నుండి 301 రూపాయల వరకు ఉంది."

విశ్వాస అంతరం అంటే ఈ డేటాకు పొసిగే అసలు తేడాల పరిధి. దీని తరువాత, గణాంకశాస్త్రం చదవని యజమాని కోసం మామూలు మాటల్లో మరో పేరా ఉండాలి:

"ఈ దుకాణంలో కార్డు ఉన్నవారు లేనివారికంటే ఒక్కో బిల్లుకు సగటున ఎక్కువ ఖర్చు చేస్తున్నారనడానికి మాకు ఆధారం దొరికింది. మేము చూసిన కస్టమర్లలో ఆ తేడా 160 రూపాయలు. చూసింది కొద్దిమందినే కాబట్టి అసలు తేడా 19 రూపాయలంత చిన్నదైనా, 301 రూపాయలంత పెద్దదైనా కావచ్చు. కార్డు ఇవ్వడం వల్లనే బిల్లు పెరిగిందని ఈ అధ్యయనం చెప్పలేదు."

ఆ చివరి వాక్యం వినయం కోసం చేర్చింది కాదు, ఈ అధ్యయనం తీరే దాన్ని చెప్పిస్తోంది. కార్డును కస్టమర్లే అడిగి తీసుకున్నారు. నెలకు ఎక్కువ సరుకులు అవసరమయ్యే పెద్ద కుటుంబానికి రాయితీ వల్ల లాభం ఎక్కువ, కాబట్టి వాళ్ళే ముందు కార్డు తీసుకుంటారు. అలాంటప్పుడు పెద్ద బిల్లే కార్డుకు కారణం, కార్డు బిల్లుకు కారణం కాదు. కార్డు ప్రభావాన్నే కొలవాలంటే, కార్డు లేనివారిలో కొందరిని చీటీ తీసి ఎంచుకుని వాళ్ళకు కార్డు ఇచ్చి, కొన్ని నెలల తరువాత మిగిలినవారితో పోల్చాలి. అప్పుడు వాడేదీ ఇదే టి-టెస్ట్, కానీ దాని ఫలితానికి వచ్చే అర్థం వేరు.

పి-విలువ 0.05 కంటే ఎక్కువ వచ్చినప్పుడు రాసే వాక్యం గురించి కూడా ఒక మాట. శూన్య పరికల్పనను అంగీకరిస్తున్నాము అని రాయకూడదు, తిరస్కరించడానికి తగిన ఆధారం దొరకలేదు అని రాయాలి. పెళ్ళి బిల్లు ఉన్న డేటానే తీసుకుంటే, 577 రూపాయల తేడా కనిపిస్తుండగా రెండు వర్గాలూ సమానమని తేలిందనడం ఎంత అసంబద్ధమో తెలుస్తుంది. అక్కడ తేలింది సమానత్వం కాదు, ఆ డేటాతో ఏమీ చెప్పలేమన్న సంగతి.

యజమాని నిర్ణయానికి పి-విలువకంటే విశ్వాస అంతరమే ఎక్కువగా పనికొస్తుంది. కార్డు మీద ఆయన ఒక్కో బిల్లుకు సగటున 25 రూపాయల రాయితీ ఇస్తున్నాడనుకుందాం. బిల్లు 301 రూపాయలు పెరుగుతున్నట్టయితే ఆ రాయితీ గిట్టుబాటు కావచ్చు. 19 రూపాయలే అయితే పెరిగిన అమ్మకం మొత్తం కలిపినా రాయితీకి సరిపోదు, అందులో లాభం భాగం ఇంకా తక్కువ. ప్రాముఖ్యం కలదని తేలిన ఈ ఫలితం ఆ రెండు పరిస్థితుల్లో ఏది నిజమో చెప్పడం లేదు. బిల్లుల చెదురు ఇప్పుడున్నట్టే 157 రూపాయల దగ్గర ఉంటుందనుకుంటే, ఒక్కో వర్గంలో 50 మందిని కొలిచినప్పుడు స్టాండర్డ్ ఎర్రర్ 31 రూపాయలకు దిగుతుంది, విశ్వాస అంతరం తేడాకు అటూ ఇటూ 141 రూపాయలకు బదులు 62 రూపాయలు మాత్రమే ఉంటుంది. కౌంటర్ దగ్గర మరికొన్ని సాయంత్రాలు, నెలలోని వేర్వేరు వారాల్లో, నిలబడితే ఆ 100 బిల్లులు దొరుకుతాయి.